ఎండాకాలం బండికి మెష్ జాకెట్టా, వెంట్లున్న టెక్స్‌టైల్ జాకెట్టా: ఏది మేలు?

మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడకు బండి మీద వెళ్లాలంటే ముందు వచ్చే టెన్షన్ ఇదే. ఊళ్లో తిరగడానికీ, పొద్దున్నే బయల్దేరే ప్రయాణాలకూ నా ఓటు మెష్‌కే. గాలి నేరుగా ఒంటికి తగిలి చెమట ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కపోతకు జాకెట్ విప్పేసి ట్యాంకు మీద పెట్టుకునే పరిస్థితి రాదు.

మెష్ బలహీనత కిందపడ్డప్పుడు బయటపడుతుంది. జల్లెడలాంటి బట్ట తారు మీద జారితే తొందరగా చిరుగుతుంది. మామూలు పాలిస్టర్ అయితే రాపిడి వేడికి కరిగి చర్మానికి అంటుకునే ప్రమాదమూ ఉంది. అందుకే మెష్ ఎక్కడుందో చూడండి. ఛాతీ మీద, చేతుల లోపలివైపు ఉంటే పర్లేదు. భుజాలు, మోచేతులు, ముంజేతి బయటివైపు మాత్రం మందపాటి కార్డురా నైలాన్ గానీ తోలు గానీ ఉండాలి.

హైవే మీద వేగంగా, గంటల తరబడి నడిపేవాళ్లకు దట్టమైన నేత ఉండే టెక్స్‌టైల్ మేలు. గాలి 42 డిగ్రీలు దాటితే అది ఒంటికంటే వేడి. మెష్‌లోంచి దూరే ఆ గాలి చెమటను చిటికెలో ఆరబెట్టేస్తుంది, ఒంట్లో నీళ్లు తగ్గిపోతాయి. టెక్స్‌టైల్ లోపల తడిపిన టీషర్ట్ వేసుకుని, గాలి దూరే జిప్పు కంతలైన వెంట్లు కొంచెమే తెరిస్తే ఆ తడి ఎక్కువసేపు నిలుస్తుంది. వీపు వెనక జిప్పు కూడా తెరవాలి. లోపలికొచ్చిన గాలికి బయటికి దారి లేకపోతే ముందు వెంట్లున్నా లాభం తక్కువ.

ఏది కొన్నా లోపలి లేబుల్ మీద బండి బట్టల యూరప్ భద్రతా ప్రమాణం EN 17092 కోసం వెతకండి. దాని పక్కన AAA ఉంటే రాపిడికి అన్నిటికంటే గట్టిది, తర్వాత AA, ఆ తర్వాత A. మెష్‌లు ఎక్కువగా A లోనే ఉంటాయి. AA మెష్ దొరికితే కాస్త ధర ఎక్కువైనా తీసుకోండి.

ఆర్మర్‌ను, అంటే దెబ్బను ఆపే ప్యాడ్‌లను, జాకెట్ లోపలి జేబుల్లోంచి బయటికి తీసి చూడాలి. భుజం, మోచేతి ముక్కల మీద EN 1621-1, లెవెల్ 1 లేదా 2 అని ఉంటుంది. లెవెల్ 2 దెబ్బను ఎక్కువ ఆపుతుంది. మెత్తటి ఆర్మర్ వేడికి ఇంకా మెత్తబడుతుంది కాబట్టి T+ గుర్తు కూడా వెతకండి. 40 డిగ్రీల దగ్గర పరీక్షించారని దానర్థం. వీపు జేబులో చాలాసార్లు ఉత్త ఫోమ్ ముక్కే ఉంటుంది. దాన్ని తీసేసి EN 1621-2 ఉన్నది పెట్టించండి. షాపులోనే హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు చాచి మోచేతి ఆర్మర్‌ను పక్కకు నెట్టండి. జరిగిపోతే జాకెట్ లూజు.

గ్లవ్స్‌లో వేళ్ల పైభాగం మెష్ అయినా ఫర్వాలేదు, అరచేయి మాత్రం తోలుదే కావాలి. పడగానే మనం అరచేతులే ఆనిస్తాం. అరచేతి కింద, మణికట్టు దగ్గర స్లైడర్ అనే గట్టి, నున్నటి ముక్క ఉంటే చెయ్యి రోడ్డును పట్టుకోకుండా జారుతుంది, మణికట్టు ఎముక మీద భారం తగ్గుతుంది. లేబుల్ మీద EN 13594 ఉండాలి. పక్కన KP ఉంటే వేలి కణుపుల రక్షణను కూడా పరీక్షించినట్టు. మణికట్టు పట్టీ బిగించాక రెండో చేత్తో గ్లవ్ లాగి చూడండి. ఊడొస్తే ఆ జత వద్దు.