మద్దెలా, ముంగిలా?

పాతబస్తీ నేపథ్యంగా సాగే ఒక ఉర్దూ కథను హైదరాబాదులో కూర్చుని తెలుగు చేస్తున్నాం అనుకుందాం. అత్తగారు కోడలిని ‘నాచ్ న జానే, ఆంగన్ టేఢా’ అని దెప్పుతుంది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అని రాస్తే ఎత్తిపొడుపు, క్లుప్తత రెండూ నిలుస్తాయి. పాఠకుడు ఎక్కడా ఆగడు. ‘నాట్యం రానివాళ్లు ముంగిలి వంకరగా ఉందంటారు’ అని విడమరిస్తే అర్థం దక్కుతుంది గానీ విసురు పోతుంది. తిట్టి, దానికి తాత్పర్యం చెప్పినట్టుంటుంది.

మామూలుగా నా ఓటు మద్దెలకే. కానీ కోడలు వెంటనే ‘అయితే ముంగిలే సరిచేయిద్దాం పదండి’ అని బదులిస్తే? మద్దెల అక్కడ అడ్డం తిరుగుతుంది. అందుకే ఆ సంభాషణ చివరిదాకా చదివాకే సామెతను ఎంచుకుంటాను. ముంగిలి మళ్లీ వచ్చేటట్టుంటే అక్షరార్థాన్నే పట్టుకుని, సామెత తూకానికి కుదిస్తాను: ‘ఆట రాదు, ముంగిలి వంకర!’