మూడు ఫ్రైట్ కొటేషన్లు చేతిలో ఉన్నాయి, ఏది మేలు?

ఫ్రైట్ ఫార్వార్డర్ అంటే ఓడలున్న కంపెనీ అనుకుంటారు చాలామంది, మామూలుగా కాదు. ఓడ షిప్పింగ్ లైన్‌ది, లారీ ఇంకొకళ్లది, పోర్టు దగ్గర గోడౌన్ మరొకళ్లది. వీటన్నిట్లో మన సరుక్కి జాగా బుక్ చేసి, కాగితాలు సిద్ధం చేయించి, అమ్మినవాళ్ల దగ్గర్నుంచి మన దాకా నడిపించేది ఫార్వార్డర్. కంటైనర్ నిండేంత సరుకు లేనప్పుడు నలుగురి సరుకు ఒకే కంటైనర్‌లో వేసి పంపుతారు, దీన్నే ఎల్‌సీఎల్ అంటారు. కొటేషన్లు పోల్చడంలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే దీని గురించే రాస్తున్నా.

సరుకు తీసుకున్నట్టు రాసిచ్చే రవాణా కాగితాన్ని బీఎల్, అంటే బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు. ఎల్‌సీఎల్‌లో షిప్పింగ్ లైన్ ఇచ్చే మాస్టర్ బీఎల్ మన పేరు మీద ఉండదు, కంటైనర్ నింపినవాళ్ల పేరు మీద ఉంటుంది. మనకి వచ్చేది ఫార్వార్డర్ ఇచ్చే హౌస్ బీఎల్. సరుకు దిగాక దాన్ని విడిపించుకోవాలంటే డెలివరీ ఆర్డర్ కావాలి, అది ఇచ్చేది దిగేచోట ఉండే ఫార్వార్డర్ ఏజెంట్, ఆయన బిల్లు కట్టందే ఇవ్వడు. అప్పటికి సరుకు వాళ్ల చేతిలో ఉంది కాబట్టి బేరం ఆడే వీలుండదు. అందుకని ఫ్రైట్, అంటే ఓడ కిరాయి, బాగా తక్కువ రాసి, ఆ తక్కువంతా దిగేచోట చార్జీల్లో రాబట్టుకునేవాళ్లున్నారు, ఫ్రైట్ సున్నా అని రాసిన కొటేషన్లు కూడా వస్తాయి.

లెక్క అర్థం కావడానికి ఒక కేసు వేసుకుందాం, అంకెలు నేను అనుకున్నవే. ఎఫ్‌ఓబీ మీద కొన్న సరుకు, అంటే ఓడ ఎక్కేదాకా ఖర్చు అమ్మినవాళ్లది, తర్వాతది మనది. సైజు 8 సీబీఎం, అంటే 8 ఘనపు మీటర్లు, బరువు 2,400 కిలోలు. సముద్రం మీద 1,000 కిలోలని 1 సీబీఎంకి సమానంగా తీసుకుని, సైజు, బరువు రెండిట్లో ఏది ఎక్కువైతే దాని మీద చార్జి వేస్తారు, ఇక్కడ బరువు 2.4 టన్నులే కాబట్టి 8కే లెక్క.

మొదటివాళ్లు సీబీఎంకి 20 డాలర్లు అన్నారు, మొత్తం 160, కింద చిన్న అక్షరాల్లో ‘డెస్టినేషన్ చార్జీలు యాక్చువల్స్ ప్రకారం’ అని. రెండోవాళ్లు ఫ్రైట్ 55 చొప్పున 440, దిగేచోట 45 చొప్పున 360, డెలివరీ ఆర్డర్‌కి 60, కలిపి 860. మూడోవాళ్లు కస్టమ్స్ క్లియరెన్స్, లారీతో సహా గుమ్మం దాకా 1,150. పైపైన చూస్తే 160, 860, 1,150. అసలు ఈ మూడూ ఒకే పనికి ఇచ్చిన రేట్లే కావు.

మొదటివాళ్లని ‘యాక్చువల్స్ అంటే ఎంతో సీబీఎం చొప్పున రాసివ్వండి’ అని మెయిల్‌లో అడిగితే వచ్చింది చూడండి, గోడౌన్ హ్యాండ్లింగ్ 95 చొప్పున 760, డెలివరీ ఆర్డర్ 110, డాక్యుమెంట్ ఫీజు 75. అంటే 160 కాస్తా 1,105 అయింది. మూడోవాళ్లతో సమానం చేయడానికి మొదటి ఇద్దరికీ క్లియరెన్స్ 120, లారీ 150 కలపాలి, అప్పుడు 1,375, 1,130, 1,150. అన్నిటికంటే చవకగా కనిపించింది అన్నిటికంటే ఖరీదైంది. కస్టమ్స్ డ్యూటీ, ఇన్సూరెన్స్ ఏ లెక్కలోనూ లేవు, ఎవరితో పంపినా ఇవి విడిగా పెట్టుకోవాలి. ఫార్వార్డర్ బాధ్యతకి పరిమితి ఉంటుంది కాబట్టి సరుకు పోతే పూర్తి విలువ వాళ్ల దగ్గర్నుంచి వస్తుందనుకోవద్దు.

ఇంకోటి, ఆ 8 సీబీఎం అట్టపెట్టెలు కొలిచిందా, ప్యాలెట్ మీద పెట్టాక కొలిచిందా? చార్జి వేసేది గోడౌన్‌లో కొలిచిన సైజుకి, ప్యాలెట్‌తో అది 9.5 అయితే రెండోవాళ్ల దగ్గర సీబీఎంకి 100 చొప్పున ఇంకో 150 పెరుగుతుంది. మూడోవాళ్ల 1,150 ఫిక్స్‌డా, 8 దాకానేనా అన్నది కూడా రాతలో తీసుకోవాలి. అందుకే కొటేషన్ అడిగేటప్పుడే ప్యాకింగ్ అయ్యాక ఉండే కొలతలు, బరువు, ఎఫ్‌ఓబీయా ఇంకోటా, చివరి అడ్రస్ ఇవన్నీ రాసి ముగ్గురికీ అదే మెయిల్ పంపాలి.

ఇక రెండు, మూడు మధ్య తేడా 20 డాలర్లే మిగిలింది. రెండోవాళ్ల రూట్‌లో మధ్యలో ఒక పోర్టులో కంటైనర్ విప్పి సరుకు ఇంకో కంటైనర్‌లోకి మారుస్తారు, 36 రోజులు పడుతుంది. మూడోవాళ్లది విప్పకుండా నేరుగా వస్తుంది, 24 రోజులు. మార్చిన ప్రతిసారీ పెట్టెలు నలిగే అవకాశం, ఒకటో రెండో వెనకబడిపోయే అవకాశం ఉంటాయి కాబట్టి అట్టపెట్టెల్లో సరుకైతే నేను మూడోవాళ్లకే ఇస్తా. గట్టి చెక్కపెట్టెల్లో ఉండి, తొందర లేకపోతే రెండోవాళ్లు సరిపోతారు. మొదటివాళ్లు మాత్రం ఈ రేట్ల మీద ఏ రకంగా చూసినా కుదరరు.