ఎక్సెల్‌లో ఖాతా ఫైల్ చేయించుకుంటున్నారా? డబ్బులిచ్చే ముందు పైన Group అని ఉందేమో చూడండి

నల్గొండ చుట్టుపక్కల ఎరువులు, విత్తనాల షాపులవాళ్లు ఉద్దెర ఖాతాలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుంటున్నారు. వాళ్లందరూ ఇది చదవాలి. మా బావ షాపు కోసం ఒక డీటీపీ సెంటర్‌లో అలాంటి ఫైలే చేయించాం. ఆ సెంటర్ పేరు చెప్పను. ఏం జరిగిందో మాత్రం పూర్తిగా చెప్తాను.

ఫైల్‌లో ఏడు షీట్లు. తిప్పర్తి, కనగల్, మునుగోడు, నార్కట్‌పల్లి, చిట్యాల, నిడమనూరు అని ఊరికొకటి, చివర్లో అన్నీ కూడే 'మొత్తం' షీటు. నోటుబుక్కులో ఉన్న రైతుల పేర్లు, పాత బాకీలు వాళ్లే ఎక్కించి ఇచ్చారు. జమ కాలమ్ ఖాళీగా ఉంది. చూడటానికి ఎక్కడా వంక పెట్టేలా లేదు.

షాపులో మొదటి రోజు తిప్పర్తి రైతు ఒకాయన 8,000 కట్టాడు. ఆయన పేరు ఏడో వరుసలో ఉంది కాబట్టి D7లో కొట్టారు. తర్వాత కనగల్ ట్యాబ్ నొక్కి, పన్నెండో వరుసలోని రైతు కట్టిన 4,500 D12లో కొట్టారు. మధ్యాహ్నం మునుగోడు నుంచి ఒక రైతు ఫోన్ చేసి బాకీ ఎంతని అడిగితే షీటు చూసి 3,000 అని చెప్పారు. నిజానికి ఆయన ఇవ్వాల్సింది 11,000. ఆ షీట్లో ఏడో వరుస ఆయనదే. తిప్పర్తి ఆయన కట్టిన 8,000 ఈయన పేరు మీద కూడా జమ అయిపోయింది.

రాత్రి గల్లాలో 12,500 ఉంటే, 'మొత్తం' షీటు 75,000 జమ అని చూపించింది. సరిగ్గా ఆరింతలు. ఆరు ఊళ్ల షీట్లలోనూ D7లో 8,000, D12లో 4,500 కూర్చున్నాయి.

ఎక్సెల్‌లో Ctrl పట్టుకుని కొన్ని షీట్ల ట్యాబులు నొక్కితే అవి ఒక గ్రూపవుతాయి. అప్పుడు ఒకదాంట్లో ఏది కొట్టినా, రంగు వేసినా, వరుస తీసేసినా, మిగతా వాటిలో అదే గడిలో అదే జరుగుతుంది. ఆరు షీట్లకు ఒకే హెడ్డింగులు, ఒకే ఫార్ములాలు పెట్టాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు. సెంటర్ వాళ్లూ అలాగే చేశారు, అందులో తప్పు లేదు. పని అయ్యాక గ్రూప్ విప్పకుండానే సేవ్ చేసి ఇచ్చారు, అదే తప్పు. అలా సేవ్ చేసిన ఫైల్ మళ్లీ తెరిచినా గ్రూప్‌లోనే తెరుచుకుంటుంది. ఎక్సెల్ ఏ హెచ్చరికా ఇవ్వదు. మా జమ గడులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి సరిపోయింది. పాత అంకెలు ఉండి ఉంటే వాటి మీదే కొత్తవి పడి, పాతవి పోయేవి.

ఇంకో తిరకాసు ఉంది. అన్ని షీట్లూ గ్రూపులో ఉంటే వేరే ట్యాబ్ నొక్కగానే గ్రూప్ విడిపోతుంది. మా ఫైల్‌లో ఏడింటిలో ఆరే గ్రూపులో ఉన్నాయి. అందుకే తిప్పర్తి నుంచి కనగల్‌కు మారినా గ్రూప్ అలాగే ఉంది. బయట ఉన్న 'మొత్తం' నొక్కిన క్షణంలో విడిపోయింది. దాంతో మర్నాడు ఫైల్ పట్టుకుని సెంటర్‌కు వెళ్తే అంతా మామూలుగా కనిపించింది. "మా ఫైల్ బాగానే ఉంది సార్, మీవాళ్లే తప్పు కొట్టుంటారు" అన్నారు. సరిచేయడానికి మళ్లీ డబ్బులడిగారు.

మమ్మల్ని ఆదుకున్నది వాట్సాప్‌లో వాళ్లు పంపిన అసలు ఫైల్. అది తెరవగానే పైన ఫైల్ పేరు పక్కన Group అని కనిపించింది. కింద ఆరు ట్యాబులూ ఒకేసారి తెల్లగా ఉన్నాయి. అది చూపించాకే వాళ్లు ఒప్పుకున్నారు, డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు.

కాబట్టి ఫైల్ చేతికి రాగానే ఏ ట్యాబూ నొక్కకుండా ముందు పైన పేరు పక్కన చూడండి. Conditional Formatting బటన్ బూడిద రంగులోకి పోయి నొక్కుడు పడకపోయినా అనుమానించాల్సిందే. ఒక్క షీటుకు ప్రింట్ ఇస్తే అన్ని ఊళ్ల కాగితాలూ వచ్చినా అంతే. గ్రూప్ ఉంటే ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేసి Ungroup Sheets నొక్కి, సేవ్ చేసి, ఆ తర్వాతే మొదటి అంకె కొట్టండి.

ఇప్పటికే అంకెలు కలిసిపోయి ఉంటే, వెంటనే అయితే Ctrl+Z పనిచేస్తుంది. ఫైల్ మూసేశాక అది కుదరదు. అప్పుడు ఒక్కో షీటూ దిద్దుతూ కూర్చోకండి, ఏదో ఒకటి కంటికి ఆనకుండా మిగిలిపోతుంది. అసలు ఫైల్ కాపీ తీసుకుని, గ్రూప్ విప్పి, రసీదులు చూసి జమలు మళ్లీ ఎక్కించండి. మా బావ అలాగే చేశాడు. మునుగోడు రైతుకు ఫోన్ చేసి అసలు బాకీ కూడా చెప్పాడు.