తిరమిసు: పచ్చి సొనా, కాచిన సొనా?

ఇటలీలోని త్రెవీసో పట్టణానికి పేరు తెచ్చిన తిరమిసు, కాఫీలో ముంచిన బిస్కెట్లనూ మీగడనూ పొరలుగా పేర్చి చేసే తీపి వంటకం. మస్కర్పోనే అనే మెత్తని చీజ్‌తో చేసే ఆ మీగడను రెండు విధాలుగా కలుపుతారు. పాత పద్ధతిలో గుడ్ల పచ్చసొనను చక్కెరతో తెల్లబడేదాకా గిలక్కొట్టి నేరుగా కలుపుతారు. రుచి తేలికగా, తాజాగా ఉంటుంది. కానీ పచ్చి గుడ్డులో జబ్బు చేసే సాల్మోనెల్లా బ్యాక్టీరియా ఉంటే కాఫీ గానీ, అందులో పోసే మద్యం గానీ, ఫ్రిజ్ చల్లదనం గానీ దాన్ని చంపవు. కాబట్టి పాశ్చరైజ్ చేసిన గుడ్లు దొరికితేనే ఈ దారి సమంజసం. పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు మామూలు పచ్చి గుడ్లతో చేసినది పెట్టకూడదు.

రెండవ పద్ధతిలో 4 సొనలను 100 గ్రాముల చక్కెరతో, సన్నగా మరిగే నీటి గిన్నెపై ఆపకుండా గిలకొడుతూ 71 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకురావాలి. చెయ్యి ఆపితే అంచుల్లో అట్టులా గడ్డకడుతుంది. మిశ్రమం పూర్తిగా చల్లారాకే 400 గ్రాముల మస్కర్పోనే కలపాలి. ఆత్రపడి వేడిగా కలిపితే చీజ్ కరిగి మీగడ జారిపోతుంది, అతిగా గిలకొడితే విరుగుతుంది. మీగడ తేలికగా రావడానికి కొందరు కలిపే తెల్లసొన బదులు గట్టిగా గిలకొట్టిన 200 మిల్లీలీటర్ల క్రీమ్ చాలు. శ్రమ ఎక్కువైనా, పొర నిలబడేది దీనితోనే కనుక నా మొగ్గు ఇటే.

బిస్కెట్ విషయంలో మాత్రం రెండింటికీ ఒకే నియమం: చల్లారిన కాఫీలో ఒక్కో వైపు ఒక్క క్షణమే ముంచాలి. విరిచి చూస్తే నడిమి భాగం ఇంకా పొడిగా, లేతరంగులో కనిపించాలి. ఆ మిగతా తడిని రాత్రంతా ఫ్రిజ్‌లో మీగడే అందిస్తుంది.