శ్రీకాకుళం పెళ్ళికి వెళ్ళొచ్చాం: దారి ఖర్చు, బస, బట్టలు, చదివింపు

మా చిన్నత్తయ్య మనవరాలి పెళ్ళి శ్రీకాకుళంలో. మేముండేది హైదరాబాద్‌లో. మేమిద్దరం, పదమూడేళ్ళ బాబు, ఎనిమిదేళ్ళ పాప, మొత్తం నలుగురం. ఇలాంటి ప్రయాణానికి లెక్క వేసేవాళ్ళు ముందు రైలు టికెట్ ధర చూస్తారు. నేనైతే ముందు ముహూర్తం చూస్తాను. ఎన్ని రోజులు ఉండాలి, గది ఎప్పుడు తీసుకోవాలి, తిరుగు రైలు ఏది అన్నవన్నీ దాన్ని బట్టే తేలతాయి మరి.

శుభలేఖలో ‘శుక్రవారం రాత్రి 2.18, తెల్లవారితే శనివారం’ అని ఉంది. పంచాంగం లెక్కలో సూర్యోదయం దాకా శుక్రవారమే. రైల్వే వాళ్ళకీ లాడ్జివాళ్ళకీ మాత్రం అర్ధరాత్రి దాటగానే శనివారం. తారీఖు ఒక్కటే చూసి శనివారం పొద్దున దిగేలా టికెట్ తీసుకుంటే, మనం దిగేసరికి తలంబ్రాలు కూడా అయిపోతాయి. అందుకే గురువారం సాయంత్రం సికింద్రాబాద్‌లో ఎక్కి, శుక్రవారం పొద్దున్నే దిగి, శనివారం రాత్రికి తిరుగు రైలు ఎక్కాలని అనుకున్నాం.

శ్రీకాకుళం ఊళ్ళో రైల్వే స్టేషన్ లేదు. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. అక్కణ్ణించి ఊళ్ళోకి పదమూడు కిలోమీటర్లు. బస్సులూ షేర్ ఆటోలూ దొరుకుతాయి కానీ పట్టుచీరల పెట్టెతో, నిద్రమొహాల పిల్లలతో షేర్ ఆటో నాకు కుదరదు. ఆటో మాట్లాడుకుంటే నాలుగు వందలైంది.

థర్డ్ ఏసీ తలకు దాదాపు 1,200 చొప్పున, రానూపోనూ నలుగురికీ 9,600. పాపకు అర టికెట్ తీసుకుందామన్నారు మా ఆయన. అయిదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు అర టికెట్ ఉంది, కానీ దానికి బెర్త్ ఇవ్వరు. రాత్రంతా నా పక్కన ముడుచుకుని పడుకోవడం ఎందుకు, మర్నాడు రాత్రి ఎలాగూ జాగారమే అని, పూర్తి టికెట్టే తీసుకున్నాం. విమానమైతే విశాఖ దాకానే. మేం చూసిన రోజున తలకు అయిదున్నర వేలుంది, నలుగురికి రానూపోనూ 44,000. ఆ పైన విశాఖ నుంచి వంద కిలోమీటర్లకు పైగా రోడ్డు. కారులో వెళ్తే పెట్రోలే పదివేలు దాటుతుంది, టోల్ వేరు. పైగా నడిపేవాళ్ళు పెళ్ళిలో కునికిపాట్లు పడుతుంటారు.

అసలు చిక్కు తిరుగు టికెట్‌తో. సికింద్రాబాద్‌లో బయల్దేరే రైలుకు అక్కడ సీట్లు బాగానే ఉంటాయి. అదే శ్రీకాకుళం రోడ్‌లో ఎక్కాలంటే, హౌరా నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చే బండికి అది మధ్య స్టేషన్. అక్కడి కోటా చిన్నది, వెయిటింగ్ లిస్ట్ కదలడం కష్టం. చార్టు వేసినా కన్‌ఫర్మ్ కాకపోతే ఆన్‌లైన్ టికెట్ దానంతటదే రద్దవుతుంది. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి తెరుస్తారు. శుభలేఖ చేతికందేదాకా ఆగితే అప్పటికే సగం గడువు పోతుంది. ముహూర్తం పెట్టుకున్న రోజే పెళ్ళికూతురి తల్లి, మా వదినకు ఫోన్ చేసి అడిగేశాను. తిరుగు టికెట్ తీశాకే వెళ్ళే టికెట్ తీశాం. తిరుగు టికెట్ దొరక్కపోతే బస్సులో విశాఖ వచ్చి, అక్కడే బయల్దేరే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలనుకున్నాం. మొదలయ్యే స్టేషన్ కాబట్టి ఆశ ఎక్కువ.

బస దగ్గర మళ్ళీ ముహూర్తమే లెక్క. విడిది ఇల్లు ఉంది, ఖర్చు లేదు. కానీ రెండు బాత్రూములకు ముప్పై మంది. పెళ్ళిరోజు సాయంత్రం తయారవడానికి అది చాలదు. అలాగని పొద్దున ఆరింటికే గది తీసుకుంటే, ఇరవైనాలుగు గంటల లాడ్జిలో శనివారం ఆరింటికి గడువు తీరిపోతుంది. పెళ్ళి అయి మండపం నుంచి అప్పుడే వస్తాం, పడుకోవడానికి ఇంకో రోజు అద్దె కట్టాలి. మధ్యాహ్నం పన్నెండు లెక్క పెట్టే హోటల్లో పొద్దున్నే దిగితే ముందురోజు అద్దె కూడా అడుగుతారు. అందుకని పొద్దున విడిదిలోనే స్నానాలు, టిఫిన్లు కానిచ్చి సామాను అక్కడే పెట్టాం. గది శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తీసుకున్నాం. శనివారం నాలుగు దాకా అదే అద్దె. 2,200కు ఏసీ గది, అదనపు పరుపుకు 400. ఆ రోజు ఊళ్ళో చాలా పెళ్ళిళ్ళు ఉండటంతో మామూలు రోజు కన్నా ఎక్కువే చెప్పారు. వారం ముందే వెయ్యి పంపి, ‘నాలుగు నుంచి నాలుగు’ అని వాట్సాప్‌లో రాయించుకున్నాను. దిగేటప్పుడు వాదన లేకుండా పోయింది.

మధ్యలో దొరికిన పగటి పూట అరసవల్లి, శ్రీకూర్మం చూశాం. అరసవల్లి సూర్యదేవాలయం ఊరిని ఆనుకునే ఉంది. ఆదివారాలు జనం ఎక్కువ, శుక్రవారం కాబట్టి దర్శనం తొందరగా అయింది. శ్రీకూర్మం పదిహేను కిలోమీటర్ల దాకా ఉంటుంది. పాపకు మాత్రం దేవుడి కన్నా ఆవరణలోని తాబేళ్ళే నచ్చాయి. రెండింటికీ ఆటో వెయ్యి. ఒకటే చూసే వీలుంటే అరసవల్లి చాలు, రాత్రి జాగారానికి కాస్త నిద్ర మిగుల్చుకోవచ్చు.

వైశాఖ మాసం, సముద్రం దగ్గరి ఊరు. కంచిపట్టు కట్టుకుంటే చెమటకు చీర పాడు, మనిషికి నీరసం. ఉన్న గద్వాల చీరకే కొత్త జాకెట్ కుట్టించాను, 700. మగ్గం పని జోలికి పోలేదు. పాపకు పట్టులంగా 1,800, బాబుకు కుర్తా 800. మా ఆయన పాత పట్టుపంచెతోనే కానిచ్చేశారు.

పెట్టుబడి బట్టలు వేరే లెక్క. మా ఆయన పెళ్ళికూతురికి మేనమామ వరస. సొంత మేనమామ ఉన్నారు కాబట్టి గంపలో తెచ్చే బాధ్యత మాది కాదు, కానీ వదినకూ అన్నయ్యకూ బట్టలు పెట్టాలి. వదినకు చీర 3,200. అన్నయ్యకు పొందూరు ఖద్దరు పంచె, కండువా కలిపి 1,300. పొందూరు అక్కడికి దగ్గరే, ఆయన కట్టుకునేదీ అదే.

చదివింపు ఎంత అన్నది మా జేబును బట్టి కాదు, పాత పుస్తకాన్ని బట్టి తేల్చాం. మా పెళ్ళిలో చిన్నత్తయ్య వాళ్ళు 1,116 చదివించారు. అది 2009 నాటి మాట, ఇప్పుడు దాన్ని కొలతగా పెట్టుకోలేం. 2019లో మా గృహప్రవేశానికి 3,116, నాకు చీర. చివరిసారి వాళ్ళు ఇచ్చినదానికి తగ్గకుండా, ధరలు పెరిగినంత కాస్త కలిపి 5,116 అనుకున్నాం. దారి ఖర్చు ఇంతయింది కదా అని ఇందులో తగ్గించుకోలేదు. దూరం నుంచి రావడం మన ప్రేమ, పుస్తకంలో ఉండేది అంకె ఒక్కటే.

ఇంటి నుంచి స్టేషన్‌కు, ఆమదాలవలసకు ఆటోలు రానూపోనూ 1,600. దారిలో తిండి, హారతి పళ్ళెంలోకీ సన్నాయి వాళ్ళకీ పదులూ ఇరవైలూ కలిపి 1,500. మొత్తం 29,216 అయింది. అందులో మూడోవంతు పెట్టుబడులు, చదివింపే.

కవరు మీద ఇంటిపేరు, మా ఆయన పేరు, బ్రాకెట్లో ‘హైదరాబాద్’ అని రాశాం. అదే ఇంటిపేరు, అదే పేరు ఉన్నవాళ్ళు ఆ చుట్టరికంలోనే ఇంకొకరున్నారు. రాసే కుర్రాడు తెల్లవారుజామున నిద్రమత్తులో ఉంటాడు. చేతికిచ్చి, పుస్తకంలో ఎక్కిందో లేదో అక్కడే నిలబడి చూసుకున్నాకే భోజనాల వైపు కదిలాం.