ప్లీజ్ అప్రూవ్ అనాలా, అప్రూవల్ అడగాలా?

హన్మకొండ ఆఫీసులో ఒకరికి మేడారం జాతరకు రెండు రోజుల సెలవు కావాలి. మేనేజరుకు మెయిల్‌లో «ప్లీజ్ డూ ద అప్రూవ్» అని రాస్తారు. ఈ తప్పు మన తెలుగులోంచే వస్తది. మనం «అప్రూవ్ చేయండి» అంటాం. అక్కడ అప్రూవ్ నామవాచకం లెక్క నిలబడి, క్రియ పనంతా «చేయండి» చూసుకుంటది. ఇంగ్లీషులో అప్రూవ్ తనే క్రియ, దానికి డూ అక్కర్లేదు. «డూ ద నీడ్‌ఫుల్»లో నీడ్‌ఫుల్ నామవాచకం కాబట్టి అది నిలబడుతది, ఇది నిలబడదు.

దిద్దడానికి రెండు దారులున్నయి. ఒకటి క్రియ: «ప్లీజ్ అప్రూవ్ మై లీవ్ ఫర్ టూ డేస్». దేన్ని అప్రూవ్ చేయాలో పక్కనే రాయక తప్పదు, అందుకే చదివేవాళ్లకు పని వెంటనే తెలుస్తది. రోజువారీ మెయిల్‌కు ఇదే మేలు.

రెండోది నామవాచకం: «ఐ రిక్వెస్ట్ యువర్ అప్రూవల్ ఫర్ టూ డేస్ ఆఫ్ లీవ్». కొంచెం పొడుగు, కానీ పెద్ద అధికారికి మర్యాదగా ఉంటది. సబ్జెక్టు లైన్‌లో «ఫర్ యువర్ అప్రూవల్» కూడా బాగా కుదురుతది. ఇక్కడ జారేది ఒక్కచోటే: రెండూ కలిసిపోయి «ప్లీజ్ అప్రూవల్ మై లీవ్» అయితది.

పంపేముందు ముందున్న మాట చూడండి. ద, యువర్ ఉంటే అప్రూవల్. ప్లీజ్ వెంటనే అయితే అప్రూవ్. అప్‌డేట్, ట్రాన్స్‌ఫర్ లాంటివి రెండు చోట్లా ఒకే రూపంలో ఉంటయి, వాటికి ఈ చిక్కు లేదు.