డ్రిప్పు లైనులో వెంచురి: కొన్నేళ్ల వాడకం తర్వాత

పలమనేరు దగ్గర మా టమాటా తోటకు నీటితోపాటే ఎరువు కూడా అందించడానికి ముప్పావు అంగుళం వెంచురి వాడుతున్నాను. చిత్తూరులో డ్రిప్పు సామాను అమ్మే దుకాణాల్లో సులువుగా దొరికే వస్తువే. నల్లటి ప్లాస్టిక్ ముక్క, రెండు చివర్లా లావు, నడుమ సన్నం. ఆ సన్నటి చోట పక్కకు ఒక చిన్న గొట్టం ఉంటుంది. కరెంటు అక్కర్లేదు, తిరిగే భాగాలేవీ లేవు. లోపల నీళ్లు తగినంత వేగంగా పారితే చాలు, పక్క గొట్టం డ్రమ్ములోని ఎరువు నీళ్లను తనంతట తానే పీల్చుకుంటుంది. పెట్టిన డబ్బుకు మించిన పని చేస్తుందనే నా అభిప్రాయం. అయితే ఎందుకు పీలుస్తుందో తెలియకపోతే, పీల్చడం ఆగిన రోజున ఏం చూడాలో కూడా తెలియదు. కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

సన్నటి చోట నీళ్లు నలిగిపోతాయి, అక్కడ ఒత్తిడి పెరుగుతుంది అని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి సరిగ్గా తిరగబడి. పైపులోకి నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తే సన్నటి చోటు నుంచి కూడా అన్ని లీటర్లే దాటాలి. దారి ఇరుకైంది కాబట్టి అవి వేగంగా దాటాలి. ఇప్పుడు ఆ ఇరుకులోకి ప్రవేశిస్తున్న కొద్దిపాటి నీటిని ఒక బండి అనుకోండి. నింపాదిగా వస్తున్న బండి వేగం అందుకోవాలంటే వెనక నుంచి నెట్టే బలం ముందు నుంచి అడ్డుకునే బలం కంటే ఎక్కువగా ఉండాలి. నీటికి ఆ నెట్టే బలమే ఒత్తిడి. అంటే వెనక ఉన్న లావు పైపులో ఒత్తిడి ఎక్కువ, ముందున్న ఇరుకులో తక్కువ అయి తీరాలి. వేగం వచ్చి ఒత్తిడిని తినేయలేదు. ఒత్తిడిలో ఉన్న ఆ తేడాయే నీటికి వేగం ఇచ్చింది. ఈ సంబంధాన్ని డేనియల్ బెర్నూలీ 1738లో తన పుస్తకంలో చర్చించాడు. సన్నబడే గొట్టాలతో ప్రయోగాలు చేసి 1797లో ప్రచురించిన ఇటలీ శాస్త్రవేత్త వెంచురి పేరే మన ప్లాస్టిక్ ముక్కకు వచ్చింది.

మా లైను లెక్కే చూద్దాం. నా దగ్గరున్న ముక్కకు లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, నడుమ 8 మిల్లీమీటర్లు. వ్యాసం రెండున్నర రెట్లు తగ్గితే దారి వైశాల్యం ఆరుంబావు రెట్లు తగ్గుతుంది. వెంచురి గుండా నిమిషానికి 45 లీటర్లు పారేటప్పుడు లావు చోట నీటి వేగం సెకనుకు సుమారు 2.4 మీటర్లు, నడుమ సుమారు 15 మీటర్లు. రాపిడిని పక్కన పెట్టి లెక్క కడితే, ఆ వేగం తెచ్చుకోవడానికి చదరపు సెంటీమీటరుకు దాదాపు 1.1 కిలోల ఒత్తిడి ఖర్చవుతుంది. వెంచురికి ముందున్న గేజి బయటి గాలి కంటే 1 కిలో ఎక్కువ చూపిస్తుంటే, నడుమ ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే 0.1 కిలో తక్కువ. డ్రమ్ములోని ద్రావణం మీద బయటి గాలి ఒత్తిడి ఉంటుంది కాబట్టి అదే ద్రావణాన్ని గొట్టంలోకి నెడుతుంది. 0.1 కిలో అంటే ఒక మీటరు ఎత్తుకు నీటిని లేపగల బలం. డ్రమ్ము నేల మీద ఉండి, వెంచురి మోకాలి ఎత్తులో ఉంటే ఇది సరిపోతుంది.

సన్నటి చోటు దాటాక పైపు మెల్లగా వెడల్పవుతుంది. నీటి వేగం తగ్గుతుంది, ఒత్తిడి తిరిగి పెరుగుతుంది. కానీ పూర్తిగా రాదు. రాపిడికీ సుడులకూ కొంత పోతుంది. మా లైనులో వెంచురికి ముందు 1 కిలో ఉంటే, అది దాటాక ఉన్న గేజి 0.6 దగ్గర నిలుస్తుంది. ఈ పరికరం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. ఎరువు పారుతున్నంతసేపూ తోట చివరి వరుసలకు నీరు తగ్గుతుంది. వెంచురిని మెయిన్ లైనుకు పక్కదారిలో బిగించి, మెయిన్ మీదున్న గేట్ వాల్వును కొద్దిగా మూస్తేనే నీళ్లు ఇటు మళ్లుతాయి. పని అయ్యాక వాల్వు పూర్తిగా తెరవాలి.

ఇక ఎక్కువగా వచ్చే సమస్య. పక్క తోట రైతు ఒకసారి నన్ను అడిగాడు: "అన్నా, గేజి ముందుకంటే ఎక్కువే చూపిస్తోంది, అయినా మందు లాగడం లేదు. పైగా డ్రమ్ములో నీళ్లు పెరుగుతున్నాయి, ఎందుకు?" వెళ్లి చూస్తే వెంచురి తర్వాతి జల్లెడ ఫిల్టరు మట్టితో మూసుకుపోయింది. ముందుకు దారి లేక ప్రవాహం తగ్గింది, అందుకే గేజి పెరిగింది. నా లైను కొలతలతో ఇదే చూపిస్తాను. 45 లీటర్లు కాస్తా 36కు పడిపోయాయనుకుందాం. వేగం ఐదో వంతు తగ్గితే, ఒత్తిడి తేడా వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 1.1 నుంచి 0.7కు పడిపోతుంది. ముందు గేజి 1.2 ఉంటే నడుమ ఇంకా 0.5 కిలో మిగిలి ఉంటుంది. అంటే బయటి గాలి కంటే ఎక్కువ. అప్పుడు పీల్చుకోవడానికి బదులు నీళ్లు పక్క గొట్టంలోంచి డ్రమ్ములోకే తోసుకొస్తాయి. గేజిలో అంకె పెరగడం వెంచురికి మంచి సూచన కాదు. చూడాల్సింది వెంచురికి ముందూ తర్వాతా ఉన్న ఒత్తిడుల తేడా. ఫిల్టరు కడగగానే ఆ రైతు డ్రమ్ము మళ్లీ తగ్గడం మొదలైంది. పక్క గొట్టానికి వెనక్కి రానివ్వని వాల్వు పెట్టుకుంటే ద్రావణం పలచబడదు, కానీ మూసుకుపోయిన ఫిల్టరు సంగతి అది చెప్పదు.

ఇదే సూత్రం అని స్ప్రే సీసాను చూపిస్తుంటారు. ఇక్కడ జాగ్రత్త కావాలి. ఇప్పుడు ఇళ్లలో అద్దాలు తుడవడానికి వాడే మీట నొక్కే సీసాల్లో ఉన్నది చిన్న పిస్టన్ పంపు. అది ద్రవాన్ని నెడుతుంది, అంతే. ఈ సూత్రానికి దగ్గరగా ఉన్నది దోమల మందు కొట్టే పాతకాలపు చేతి పంపు. పిడి తోస్తే గాలి సన్నటి రంధ్రం నుంచి దూసుకొచ్చి, డబ్బాలోంచి పైకి వచ్చిన గొట్టం కొసను రాసుకుంటూ పోతుంది. కొస దగ్గర ఒత్తిడి తగ్గి మందు పైకి లేస్తుంది, గాలి దాన్ని తుంపరగా చీలుస్తుంది. అయితే బయటికి వచ్చి బాహాటంగా పారే గాలిలో, అది వేగంగా ఉన్నంత మాత్రాన ఒత్తిడి తగ్గదు. చుట్టూ ఉన్న గాలి ఒత్తిడే దానికీ ఉంటుంది. గొట్టం కొస అడ్డు వచ్చి గాలి దాని మీదుగా వంగి పోవడం వల్లే అక్కడ ఒత్తిడి పడిపోతుంది. అందుకే కొస ఎక్కడుందన్నది అంత ముఖ్యం. గొట్టం మూతి గాలికి ఎదురుగా తిరిగితే పీల్చడం మాని డబ్బాలో బుడగలు వస్తాయి. డబ్బా మూతకున్న చిన్న రంధ్రం మూసుకుపోయినా తుంపర ఆగిపోతుంది. లోపలికి గాలి రాకపోతే ద్రవాన్ని పైకి నెట్టేవాళ్లు లేరు. నా ఎరువు డ్రమ్ము మూత ఎప్పుడూ వదులుగా ఉంచేది కూడా ఇందుకే.

వెంచురి నడుమ నుంచి గరగరమని శబ్దం వస్తే వినండి. పక్క గొట్టం కొస ద్రావణం పైకి తేలి గాలి పీలుస్తున్నా అలాంటి శబ్దమే వస్తుంది, ముందు అది చూడండి. అది కాకపోతే ఒత్తిడి మరీ తగ్గి నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టి చిట్లుతున్నాయని అర్థం. అదే పనిగా సాగితే లోపలి గోడ గుంతలు పడుతుంది. గేట్ వాల్వును కాస్త తెరిస్తే తగ్గుతుంది.

ఎరువు కచ్చితమైన కొలతలో పడాలనుకునేవారికి ఇది సరిపడదు. కరెంటు తగ్గి మోటారు నెమ్మదించినా, డ్రమ్ములో మట్టం దిగినా పీల్చే వేగం మారుతుంది. నేను ఒక ఎకరాకు కావలసిన మోతాదంతా ముందే డ్రమ్ములో కలిపి, మొత్తం అయిపోయేదాకా వదులుతాను. గంటకు ఎంత పోయిందన్న లెక్క అప్పుడు అవసరం లేదు. తర్వాత పక్క గొట్టాన్ని మంచినీళ్ల బకెట్లో పెట్టి కాసేపు నడిపితే సన్నటి చోట ఉప్పు పేరుకోదు. బోరులో నీరు తగ్గి, మామూలు రోజుల్లోనే గేజి ముక్కాలు కిలో దాటని తోటలకు మాత్రం దీన్ని కొనమని చెప్పను. అక్కడ ఎరువు నీళ్లను లైనులోకి నెట్టే చిన్న పంపే నయం.